"సంతోషమె స్వర్గము"లో 'మె' లఘువా, గురువా?

అనంతపురం, ట్యూషన్ టీచర్:
మా వీధిలో పదో తరగతి పిల్లలకు సాయంత్రం తెలుగు చెప్తాను. సుమతీ శతకంలోని "తన సంతోషమె స్వర్గము" పాదానికి గురులఘువులు గుర్తిస్తుంటే 'మె' దగ్గర తగువు వచ్చింది. పక్కన స్వ ఉంది కదా మేడమ్, సంయుక్తాక్షరానికి ముందుది గురువే అని ఒక పిల్ల. నేను లఘువన్నాను. ఎందుకంటే మాత్రం చెప్పలేకపోయాను. ఏది రైటు?

కర్నూలు నుంచి:
పిల్ల చెప్పిందే రైటు మేడమ్. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు, మాకు బడిలో ఇట్లే చెప్పినారు. మినహాయింపు ఒకటే ఉంది. ర వత్తు వస్తే తేల్చి పలుకుతాం, అప్పుడు ముందుది లఘువుగానే ఉంటుంది. విద్రుచు, అద్రుచు లాంటివి. ఇక్కడున్నది వ వత్తు కాబట్టి ఆ మినహాయింపు పనికిరాదు. గురువే.

ప్రొద్దుటూరు, రిటైర్డ్ తెలుగు పండిట్:
అమ్మా, మీరు చెప్పిందే సరి. నియమాన్ని పక్కన పెట్టి ముందు పద్యాన్నే అడుగుదాం. ఇది కందం. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. ఒకటో పాదంలో, మూడో పాదంలో మూడేసి గణాలు, రెండు, నాలుగు పాదాల్లో అయిదేసి. మీరడిగింది మూడో పాదం. అంటే పన్నెండు మాత్రలే ఉండాలి.

తన సం – I I U
తోషమె – U I I
స్వర్గము – U I I

వేలు మడిచి లెక్కపెట్టండి, పన్నెండు వస్తాయి. 'మె'ను గురువు చేశారనుకోండి, 'తోషమె' అయిదు మాత్రలవుతుంది, పాదం పదమూడుకు పోతుంది. గణాలను ఎక్కడ విరిచినా అది కుదరదు. పైగా 'స్వ' గురువు అయింది తాను సంయుక్తాక్షరం కాబట్టి కాదు, తన వెనక 'ర్గ' ఉంది కాబట్టి. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వత్తు ఏ అక్షరానికి ఉందో దానికే గురువు గుర్తు పెట్టేస్తారు. బరువు పడేది ముందు అక్షరం మీద.

ఇక ఎందుకంటే, ఆ బరువు ఒకే పదంలోనో, ఒకే సంస్కృత సమాసంలోనో అయితేనే ముందుకు పాకుతుంది. "సంతోషమె" అంటే సంతోషము మీద ఎ చేరింది. అది తెలుగు ముగింపు, అక్కడితో మాట మూసుకుంది. "స్వర్గము" కొత్తగా మొదలవుతుంది. అదే "సంతోషప్రదము" అంటే చూడండి, సంతోష, ప్రద కలిసి ఒక్క సమాసమైనాయి, అక్కడ 'ష' గురువే.

కర్నూలు తమ్ముడు చెప్పిన ర వత్తు మాట అబద్ధం కాదు, కానీ అది విద్రుచు, అద్రుచు లాంటి అచ్చ తెలుగు మాటల వరకే. ఇదే పద్యం మొదటి పాదం "తన కోపమె తన శత్రువు". అక్కడ 'త్రు'లో ర వత్తే ఉంది. 'శ'ను లఘువు చేస్తే "శత్రువు" మూడు మాత్రలకు పడిపోతుంది, గణం చాలదు. కాబట్టి శ గురువే. వత్తు ఏదని చూసి తేల్చేది కాదు ఇది.

కడప నుంచి, ఒక తల్లి:
మా వాడికీ ఇదే గొడవ సార్. ప్రీఫైనల్లో "అమృతము"కు అ మీద గురువు పెట్టినాడు, మార్కు పోయింది. మృ కింద వత్తు ఉంది కదమ్మా అని ఇంటికొచ్చి ఏడ్చినాడు. నాకు కూడా వత్తు మాదిరే కనిపించింది. మీరు చెప్పినట్టు ఒకే పదంలోనే ఉంది కదా, మరి గురువు ఎందుకు కాలేదు?

ప్రొద్దుటూరు, రిటైర్డ్ తెలుగు పండిట్:
తల్లీ, మీది వేరే ప్రశ్న, కానీ మంచి ప్రశ్న. మృ కింద ఉన్నది హల్లు కాదు, ఋ అనే అచ్చు గుర్తు. ము, మి ఎట్లాగో మృ అట్లాగే. ఒక్క హల్లు, ఒక్క అచ్చు, అంతే. "పితృ"లో పి కూడా లఘువే. బాబుకు ఒక మాట చెప్పండి. కంటికి వత్తులా కనబడినా, అక్కడ రెండు హల్లులు ఉన్నాయా అని తనను తాను అడగాలి. లేకపోతే ముందు అక్షరం కదలదు.

కర్నూలు, డిగ్రీ విద్యార్థి:
సార్, ఒక అనుమానం, తప్పుగా అనుకోవద్దు. మీరు గణం సరిపోవాలని 'మె'ను లఘువంటున్నారు. గణం ఏదో తెలియాలంటే ముందు గురులఘువులు తెలియాలి కదా. ఇది గుండ్రంగా తిరిగినట్టుంది. ఇంకో సంగతి, సంస్కృత శ్లోకాల్లో పదం మారినా సంయుక్తాక్షరం ముందు అక్షరం గురువే అవుతుంది. "స్వర్గము" సంస్కృతం మాటే కదా, మరి ఇక్కడ ఆ పద్ధతి ఎందుకు వద్దు?

ప్రొద్దుటూరు, రిటైర్డ్ తెలుగు పండిట్:
నాయనా, శ్లోకం సంగతి నువ్వు చెప్పింది నిజమే. కానీ ఇది తెలుగు పద్యం. స్వర్గము ముందున్న మాట తెలుగు ముగింపుతో ఉంది, రెండూ సమాసంగా అతకలేదు. నువ్వు చదివేటప్పుడు చెవి పెట్టి విను. "శత్రువు" అంటే నాలుక 'శత్' దగ్గర ఆగి 'త్రు' మీదికి పోతుంది. "తోషమె" తర్వాత అట్లా 'మెస్' అని ఆగదు. ఒకే ఊపిరిలో గబగబా చదివే పిల్లలకు మాత్రం 'మెస్స్వర్గము' అన్నట్టు వినిపిస్తుంది. ట్యూషన్లో ఆ పిల్లకు కూడా అట్లే వినిపించి ఉంటుంది. నెమ్మదిగా, మాట మాట విడదీసి చదివించి చూడండి.

గుండ్రంగా తిరగడం మాట. పాదం ఒక్కటే ఇస్తే నీ అనుమానం నిలుస్తుంది, ఒప్పుకుంటాను. పద్యమంతా ఉంటే మిగతా పాదాలు సాక్ష్యం చెప్తాయి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం 'న', అది ప్రాస. రెండో పాదంలో "తన శాం, తమె తన, కు రక్ష, దయ చు, ట్టంబౌ" అని అయిదు గణాలు. కందంలో రెండు, నాలుగు పాదాల్లో మూడో గణం జగణమో నలమో కావాలి, "కు రక్ష" I U I, జగణం. మొదటి గణం 'త'కూ నాలుగో గణం 'ద'కూ యతి కుదిరింది. ఇవన్నీ 'మె'ను ముట్టుకోకుండానే ఇది కందమని చెప్పేస్తున్నాయి. ఆ తర్వాతే 'మె' దగ్గరికి పోవడం.

కర్నూలు నుంచి:
సరే సార్, శత్రువు దగ్గర నేను తప్పే. కానీ "ఎక్కిన బారని గుర్రము, గ్రక్కున విడువంగ" పద్యంలో గుర్రము చివర 'ము' లఘువు కావడానికి ర వత్తు కారణం కాదంటారా?

ప్రొద్దుటూరు, రిటైర్డ్ తెలుగు పండిట్:
అక్కడ రెండు కారణాలూ ఒకే జవాబు ఇస్తాయి. మాట మారింది, పైగా గ్ర తెలుగు మాటలోది. అందుకే ఆ పాదంతో తేలదు, "స్వర్గము" పాదంతో తేలుతుంది.

అనంతపురం, ట్యూషన్ టీచర్:
నమస్కారం సార్. ఈరోజు చప్పట్లతో చేయించాను, లఘువుకు ఒకటి, గురువుకు రెండు. 'మె'కు రెండు కొడితే పదమూడు రావడం ఆ పిల్లే పట్టుకుంది. కానీ వెంటనే ఇంకోటి అడిగింది. పుస్తకంలో "నీల ప్రభ" అని విడిగా అచ్చు వేశారు, మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి 'ల' లఘువా అని.

ప్రొద్దుటూరు, రిటైర్డ్ తెలుగు పండిట్:
ఖాళీ అచ్చువాళ్ళది తల్లీ. నీల అన్నదానికి ము, డు, వు లాంటి తెలుగు ముగింపు ఏదీ లేదు, ప్రభతో కలిసి సమాసం. 'ల' గురువు.

కర్నూలు, డిగ్రీ విద్యార్థి:
మరి పరీక్షలో ఒక్క పాదమే ఇచ్చి, కీలో 'మె' గురువని ఉంటే సార్? ముగింపు చూసి లఘువని రాయాలా, కీని చూసి రాయాలా?

కర్నూలు నుంచి:
నేనైతే కీకి అభ్యంతరం పెడతా.

కడప నుంచి, ఒక తల్లి:
అభ్యంతరం పెడితే మార్కు వస్తుందా అని మా వాడు అడుగుతున్నాడు.