అడ్మిషన్ ఫీజుకు డీడీనా, బ్యాంకర్స్ చెక్కా, ఆన్‌లైనా?

కర్నూలు నాన్న: మా అమ్మాయికి అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. ఫీజు 85,000, సోమవారం ఆఖరు. కాలేజీ కాగితంలో ‘డీడీ లేదా ఆన్‌లైన్’ అనుంది. ఇక్కడి బ్యాంకులోనేమో బ్యాంకర్స్ చెక్కు తీసుకోమంటున్నారు. ఏది మేలు?

బళ్ళారి చౌరస్తా: బ్యాంకర్స్ చెక్కు వద్దన్నా. అది ఉన్న ఊళ్ళోనే చెల్లుతుంది, అనంతపురంలో వేస్తే వెనక్కొస్తుంది.

రిటైర్డ్ క్యాషియర్: అది పాత మాట నాయనా. ఇప్పుడు చెక్కు కాగితం ఊరు దాటదు, దాని ఫొటోనే క్లియరింగ్‌కు పోతుంది. కాబట్టి అక్కడా చెల్లుతుంది. నేనూ వద్దనే అంటాను గానీ కారణం వేరు. కాగితంలో డీడీ అని ఉంటే కాలేజీ గుమాస్తా డీడీనే అడుగుతాడు. ఆఖరు రోజు కౌంటరు దగ్గర ఆయనతో వాదన ఎందుకు?

డీడీకి నగదు పట్టుకెళ్ళకండి. 50,000, ఆపైన అయితే ఖాతా నుంచే తీస్తారు. ఎవరి పేరు మీద తీయాలో కాలేజీ కాగితం చూసి అక్షరం పొల్లుపోకుండా రాయండి. నా కౌంటర్లో ఒకాయన ‘ప్రిన్సిపాల్’ పేరున తీసుకెళ్ళాడు, కాలేజీ ఖాతా చూస్తే సొసైటీ పేరున ఉంది. పెన్నుతో దిద్దితే చెల్లదు కదా. మళ్ళీ మా బ్రాంచికే వచ్చి, అది రద్దు చేయించి కొత్తది తీసుకున్నాడు. రెండు చార్జీలు, ఒక బస్సు ప్రయాణం దండగ.

సెల్‌ఫోన్ తమ్ముడు: కౌన్సెలింగ్ ఫీజు నేను కార్డుతో ఐదు నిమిషాల్లో కట్టేశా. ఇంకా డీడీలేంటి సామీ!

రిటైర్డ్ క్యాషియర్: అది కౌన్సెలింగ్ ఫీజు బాబూ, ఆయన అడుగుతున్నది కాలేజీ ఫీజు. ఆన్‌లైన్ చెడ్డదని నేననను. నెఫ్ట్ ఆదివారం రాత్రి కూడా పనిచేస్తుంది, అరగంటకో బ్యాచ్. యూటీఆర్ నంబరు రాసుకుని రసీదు తీసుకుంటే చాలు. ఖాతా నంబరు మాత్రం రెండుసార్లు చూసుకోవాలి, డబ్బు పోయేది ఆ నంబరును బట్టే.

కడప పిన్ని: మా వాడికి డీడీ తీసి రెండ్రోజులు ఇవ్వకుండా దగ్గరే పెట్టుకున్నాం. ఈలోగా వేరే సీటొచ్చింది. డీడీ బ్రాంచిలో తిరిగిచ్చేస్తే చార్జీ పోను డబ్బు మా ఖాతాలో పడింది. ఆన్‌లైన్‌లో కట్టిన మా పక్కింటివాళ్ళు ఇంకా వాళ్ళ కాలేజీ చుట్టూ తిరుగుతున్నారు.

రిటైర్డ్ క్యాషియర్: చేతిలో ఉన్నంతవరకే అమ్మా. కాలేజీ కౌంటర్లో ఇచ్చేశాక డీడీ అయినా ఒకటే, ఆన్‌లైన్ అయినా ఒకటే. మూడు నెలలు దాటినా డీడీ చెల్లదు.

బళ్ళారి చౌరస్తా: సోమవారం దాకా చేతిలో పెట్టుకుని, బస్సు ఆలస్యమైతే సీటే పోతుంది. ఆ టెన్షన్ కంటే ఆన్‌లైనే నయం.

కర్నూలు నాన్న: ఇంకో కాలేజీ లెటరు ఆదివారంలోగా రావాలి. ఎల్లుండి రెండో శనివారం, బ్యాంకు ఉండదు. రేపు పొద్దున్నే డీడీ తీస్తా. ఇవ్వాలా వద్దా అన్నది ఆ లెటరు చూశాక.