38 ఏళ్లకు తొలి వినికిడి పరీక్ష: మళ్లీ ఎప్పుడు చేయించాలి?

నాకు 38 ఏళ్లు. చెవిలో హోరు, నొప్పి, మాట వినపడకపోవడం వంటివేవీ లేవు. ముందుముందు పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారం ఉండాలని తిరుపతిలో ఆడియోగ్రామ్ చేయించాను. 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు రెండు చెవులకూ వినపడిన అతి చిన్న శబ్దం 10–15 డెసిబెల్స్ దగ్గరే ఉంది. ఎడమ చెవి మాత్రం 4000 హెర్ట్జ్ దగ్గర 25 చూపింది.

పెద్దల్లో 25 వరకు మామూలేనని, ఇబ్బంది వస్తేనే మళ్లీ రమ్మని డాక్టర్ గారు చెప్పారు. కానీ పెద్ద శబ్దాల వల్ల కలిగే నష్టం సాధారణంగా మొదట కనిపించేది 4000 దగ్గరే కదా, అందుకే నాకు మనసు ఒప్పడం లేదు. పైగా ఆ ఉదయం చిత్తూరు నుంచి సుమారు 70 కిలోమీటర్లు బైకు మీద, హెల్మెట్‌లో గాలి హోరు వింటూ వచ్చాను. శబ్దం వల్ల వినికిడి తాత్కాలికంగా తగ్గవచ్చు. అందుకే ఫ్యాక్టరీ కార్మికులకు తొలి పరీక్షకు ముందు 14 గంటలు పెద్ద శబ్దాలకు దూరంగా ఉండాలనే నియమం అమెరికాలో ఉంది. ఫోను యాప్‌తో ఇంట్లో ప్రయత్నిస్తే, ఇయర్‌ఫోన్లు మార్చినప్పుడల్లా అంకె మారింది.

50 ఏళ్ల వరకు పదేళ్లకోసారి, ఆ తర్వాత మూడేళ్లకోసారి చేయించుకోవాలన్న అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ సూచన చదివాను. అది నాకు వర్తిస్తుందా, లేక ఒక రోజు నిశ్శబ్దంగా గడిపి ఇప్పుడే మళ్లీ చేయించి, ఆ ఫలితాన్నే తొలి ఆధారంగా పెట్టుకోవాలా?