నీళ్లలో ఐసు వేస్తే జవాబు −8 వస్తోంది, తప్పెక్కడ?

పదోతరగతి_అమ్మ
మా పాపకి ఉష్ణం పాఠంలో ఒక లెక్క ఇచ్చారు. 40 డిగ్రీల నీళ్లు 150 గ్రాములు. అందులో 0 డిగ్రీల ఐసు 100 గ్రాములు వేస్తే చివరికి ఉష్ణోగ్రత ఎంత? గుప్తోష్ణం గ్రాముకి 80 కెలోరీలు. పాప ఇలా చేసింది:

```
150 × (40 − T) = 100 × 80 + 100 × T
T = −8
```

కూడికలు, తీసివేతలు మూడుసార్లు సరిచూశాం. అన్నీ కరెక్టే. వెచ్చటి నీళ్లు, సున్నా దగ్గరున్న ఐసు కలిస్తే మైనస్ ఎలా వస్తుందండీ? ఇంకో డౌటు, పరీక్షలో కెలోరీల్లో రాయాలా, జౌళ్లలోనా?

కూలర్_రాజు
ఐసు అంటే గుర్తొచ్చింది. మొన్న ఎండ తట్టుకోలేక 40 లీటర్ల కూలర్ ట్యాంకులో 2 కిలోల ఐసు వేశాను. అరగంట హాయిగా ఉంది, తర్వాత మళ్లీ మామూలే. ఐసు కొట్టువాడు మోసం చేశాడంటారా?

ట్యూషన్_22ఏళ్లు
అమ్మా, 22 ఏళ్లుగా పదో తరగతికి ట్యూషన్ చెబుతున్నాను. ఇంత టెన్షన్ అక్కర్లేదు. మా పిల్లలకి ఒకటే చెబుతాను: మైనస్ వస్తే కొట్టేసి సున్నా అని రాయండి. మార్కు వస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

కోల్డ్‌స్టోరేజీ_శీను
మాస్టారూ, ఈ లెక్కకి జవాబు సున్నాయే, ఒప్పుకుంటా. కానీ ఎందుకు సున్నానో పాపకి తెలియకపోతే రేపు ఇంకో లెక్కలో బోల్తా పడుతుంది.

అమ్మా, దీన్ని జేబులో డబ్బులాగా చూడండి. నీళ్లు 40 నుంచి సున్నాకి దిగితే ఇవ్వగలిగింది 150 × 40, అంటే 6000 కెలోరీలు. అంతకు మించి వాటి జేబులో లేదు. ఐసు మొత్తం కరగాలంటే బిల్లు 100 × 80, అంటే 8000. ఆరు వేలు పెట్టుకుని ఎనిమిది వేల సరుకు తేలేం కదా. 6000కి కరిగేది 75 గ్రాములే. మిగతా 25 గ్రాములు ముక్కలుగానే తేలుతుంటాయి. ఐసు, నీళ్లు పక్కపక్కనే ఉన్నంతసేపూ ఉష్ణోగ్రత సున్నా దాటదు.

పాప తప్పు లెక్కలో లేదు, మొదటి లైన్లో ఉంది. 100 × 80 అని రాసినప్పుడే ఐసంతా కరిగిపోయిందని ఒప్పేసుకుంది. అది జరగని పని. ఆ సంగతి చెప్పడానికే −8 వచ్చింది. అందుకే సమీకరణం రాసేముందు జేబు, బిల్లు రెండూ పక్కపక్కన వేసుకోవాలి. జేబే పెద్దదైతే పాప రాసిన సమీకరణం హాయిగా పనిచేస్తుంది. ఇవే నీళ్లు 60 డిగ్రీలు అనుకోండి. జేబులో 9000, బిల్లు 8000. మిగిలిన వెయ్యి మొత్తం 250 గ్రాములకి పంచితే 4 డిగ్రీలు.

ట్యూషన్_22ఏళ్లు
నేను ఒక్క లైన్లో చెప్పింది మీరు ఇరవై లైన్లలో చెప్పారు. సున్నా అంటే సున్నాయే కదా?

కోల్డ్‌స్టోరేజీ_శీను
కాదు. మీ ఒక్క లైను ఐసు 0 డిగ్రీలది అయినంతవరకే. −20 డిగ్రీల ఐసు 200 గ్రాములు తీసుకుని, అందులో 10 డిగ్రీల నీళ్లు 10 గ్రాములు పోయండి. ఐసు సున్నాకి ఎక్కాలంటే గ్రాముకి, డిగ్రీకి అర కెలోరీ చొప్పున 2000 కావాలి. నీళ్లు చల్లబడి 100, గడ్డకట్టి 800, మొత్తం 900 ఇస్తాయి. చివరికి నీళ్లే గడ్డకట్టిపోతాయి, అంతా కలిసి మైనస్ పదిన్నర దగ్గర ఆగుతుంది. ఇక్కడ మైనస్ కొట్టేసి సున్నా రాస్తే మార్కు పోయినట్టే.

ట్యూషన్_22ఏళ్లు
ఆ లెక్క పదో తరగతిలో ఎవరిస్తారు బాబూ? సిలబస్ తెలియకుండా మాట్లాడొద్దు. నీ వయసంత సర్వీసు ఉంది నాకు.

కోల్డ్‌స్టోరేజీ_శీను
సర్వీసుకి దండం మాస్టారూ. ఐసుకి మాత్రం మీ సర్వీసు తెలియదు.

వంటిల్లే_ల్యాబు
అన్నలూ, ఆగండి. నేను ఇంట్లో చేసి చూశా. 50 డిగ్రీల నీళ్లు 200 గ్రాములు, ఐసు 50 గ్రాములు. లెక్క ప్రకారం 24 రావాలి. నాకు 26 వచ్చింది. అంటే 80 అనే అంకె తప్పా?

కూలర్_రాజు
మొదటిసారి జ్వరం చూసే థర్మామీటర్ పెట్టలేదు కదా? నేను పెట్టా. Lo అని చూపించి ఊరుకుంది 😄

వంటిల్లే_ల్యాబు
లేదన్నా, పాలు తోడు పెట్టేటప్పుడు చూసుకునే పొడవాటిది. మీ కూలర్ సంగతి వేరే చర్చలో పెట్టండి.

కోల్డ్‌స్టోరేజీ_శీను
తమ్ముడూ, ఐసు ముక్కలు తడిగా ఉన్నాయా? తూకంలో 50 గ్రాములు చూపించినా అందులో 5 గ్రాములు పైన అంటుకున్న నీళ్లే అయితే, వాటి 80 కెలోరీలు ముందే ఎవరో కట్టేశారు. నిజంగా కరగాల్సింది 45 గ్రాములే. అప్పుడు 25.6 వస్తుంది. పొడి బట్టతో తుడిచి తూకం వేయి. అలాగని ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే వేస్తే అది సున్నాకి చాలా కింద ఉంటుంది, ఈసారి 24 కంటే తగ్గుతుంది. ముక్క మెరుస్తూ తడి కట్టేదాకా ఆగి, తుడిచి, వెంటనే వేయాలి.

వంటిల్లే_ల్యాబు
తడిగానే ఉన్నాయన్నా. తువ్వాలు మీద పెట్టి మర్చిపోయా.

పాతకాలం_ఫిజిక్స్
80 అంకె మీద అనుమానం అక్కర్లేదు. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ ఐసుతోనూ నీళ్లతోనూ కుస్తీ పట్టి, కరిగేటప్పుడు థర్మామీటర్‌కి కనబడకుండా వేడి లోపలికి పోతుందని పట్టుకున్నాడు. గుప్తోష్ణం అనే మాట ఆయన ఆలోచన నుంచి వచ్చిందే. మా రోజుల్లో ప్రాక్టికల్‌లో రాగి కెలోరీమీటర్ ఇచ్చి, ఐసుని అద్దుడు కాగితంతో తుడిచాకే వేయనిచ్చేవారు. ఇప్పుడు ల్యాబులకి తాళాలు, చేతుల్లో ఫోన్లు.

ట్యూషన్_22ఏళ్లు
ల్యాబులకి తాళాలు వేసింది ట్యూషన్ మాస్టార్లు కాదు సార్.

పదోతరగతి_అమ్మ
జౌళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు గానీ, శీను గారు చెప్పిన జేబు, బిల్లు పాపకి ఎక్కింది. నిన్న సాయంత్రం ఇద్దరం చేశాం కూడా. స్టీలు గిన్నె తూకం వేస్తే సరిగ్గా 150 గ్రాములు. అందులో 40 డిగ్రీల నీళ్లు 150 గ్రాములు పోసి, తుడిచిన ఐసు 100 గ్రాములు వేశాం. ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా ఆగింది. టీ వడకట్టే దాంతో మిగిలిన ఐసు తీసి తూస్తే 14 గ్రాములు. 25 ఉండాలి కదా? మిగతా 11 ఏమయ్యాయి?

కోల్డ్‌స్టోరేజీ_శీను
గిన్నె తాగేసిందమ్మా. గిన్నె కూడా 40 డిగ్రీల దగ్గరే ఉందిగా, అదీ సున్నాకి దిగాలి. స్టీలు గ్రాముకి, డిగ్రీకి 0.12 కెలోరీ ఇస్తుంది. 150 × 0.12 × 40 అంటే 720. దానికి 9 గ్రాముల ఐసు కరుగుతుంది. మిగతా 2 గ్రాములు గదిలో వేడి అయి ఉంటుంది.

పాతకాలం_ఫిజిక్స్
2 గ్రాములతో సరిపోదు. వడకట్టిన ఐసుకి నీళ్లు అంటుకునే ఉంటాయి, అంటే అసలు మిగిలింది 14 కూడా కాదు. ఎంతసేపు కలిపారు?

పదోతరగతి_అమ్మ
మధ్యలో కుక్కర్ మూడు విజిల్స్ వచ్చింది సార్, దింపడానికి లేచాను. టైమ్ చూడలేదు.

కూలర్_రాజు
శీను అన్నా, జేబు, బిల్లు నేనూ వేశా. 32 డిగ్రీల నీళ్లు 40 లీటర్లు, ఐసు 2 కిలోలు. దాదాపు 27 వచ్చింది. ఐదు డిగ్రీలకేనా అంత డబ్బు పెట్టాను?