గౌట్ అనే కీళ్ల జబ్బు ఉన్నవాళ్లు బీరు మానేసి బ్రాందీకి మారితే సరిపోతుందా?

సముద్రతీరం
నా వయసు 44. శనివారం తమ్ముడి పెళ్లి విందులో మూడు పెద్ద బీర్లు తాగాను. మటన్ కూర, బోటి వేపుడు గట్టిగానే తిన్నాను. తెల్లవారితే ఆదివారం అనగా రాత్రి రెండు గంటలకు కుడికాలి బొటనవేలి మొదట్లో మంటతో మెలకువ వచ్చింది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయాను. ఏడాదిలో ఇది రెండోసారి. సోమవారం పరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ 6.4 ఉంది, మామూలే అన్నారు. మా బావ మాత్రం తప్పంతా బీరుదే, బ్రాందీకి మారు అంటున్నాడు. నిజమేనా? మటన్ కూడా మానాలా?

గోదావరి గట్టు
మీ బావగారు చెప్పింది నిజమే. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం నేను చదివాను. 47 వేల మందికి పైగా మగవాళ్లను పన్నెండేళ్లు గమనించారు. రోజుకు ఒక బీరు తాగేవాళ్లకు గౌట్ వచ్చే అవకాశం దాదాపు సగం పెరిగింది. విస్కీ, బ్రాందీ లాంటి వాటితో 15 శాతమే. వైన్‌తో చెప్పుకోదగ్గ పెరుగుదలే లేదు. నేను మూడేళ్ల క్రితమే బీరు వదిలేశాను, మళ్లీ నొప్పి రాలేదు. అప్పుడప్పుడూ కల్లు తాగుతాను, అది చెట్టు నుంచి వచ్చేది కాబట్టి భయం లేదు.

కీళ్ల వైద్యురాలు
గట్టు గారూ, మీరు చెప్పిన అంకెలు సరైనవే. అయితే అవి అప్పటిదాకా గౌట్ లేనివాళ్లలో ఎవరికి కొత్తగా వచ్చిందో చెప్పే అంకెలు. సముద్రతీరం గారికి జబ్బు ఇప్పటికే ఉంది. ఆయన తెలుసుకోవలసింది మళ్లీ ఎప్పుడు తిరగబెడుతుందన్నది. దాన్ని 2014లో బోస్టన్ పరిశోధకులు వేరుగా చూశారు. ఏడు వందల మందికి పైగా రోగులను తీసుకుని, నొప్పి వచ్చిన ముందురోజు తాగింది, నొప్పి లేని రోజుల్లో అదే మనిషి తాగింది పక్కపక్కన పెట్టి చూశారు. బీరైనా, బ్రాందీ వర్గమైనా, చివరికి వైనైనా, తాగిన 24 గంటల్లో నొప్పి తిరగబెట్టే అవకాశాన్ని పెంచాయి.

కారణం ఇదీ. మద్యాన్ని కాలేయం విరిచే పనిలో ఒంట్లోని శక్తి నిల్వలు కరిగి, ఆ తుక్కు యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. అదే సమయంలో రక్తంలో లాక్టిక్ యాసిడ్ పెరిగి, కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపే పనికి అడ్డుపడుతుంది. రావడం పెరిగి, పోవడం తగ్గుతుంది. ఈ రెండూ ఏ సీసాతోనైనా జరిగేవే. బీరులో అదనంగా మాల్టు, ఈస్టు నుంచి వచ్చే గ్వానోసిన్ ఉంటుంది, అది ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లలో ఒకటి. పేగు దాన్ని సులభంగా పీల్చుకుంటుంది. అందుకే బీరు ఒక మెట్టు ముందుంటుంది. కల్లును పులియబెట్టేది కూడా ఈస్టే, అందులోనూ మద్యం ఉంది. చెట్టు నుంచి వచ్చిందన్న ధీమా పనికిరాదు.

ఇప్పుడు మీ బావగారి సలహాకు లెక్క కడదాం. మూడు 650 మిల్లీలీటర్ల బీర్లు, ఐదు శాతం రకమైతే, సుమారు 77 గ్రాముల మద్యం. బ్రాందీ నాలుగు లార్జులు తాగితే సుమారు 81 గ్రాములు. పెళ్లిలో కూర్చున్నవాడు నాలుగు లార్జుల దగ్గర ఆగుతాడో లేదో మీకే తెలుసు. గ్వానోసిన్ తప్పింది కానీ మద్యం తగ్గలేదు.

గోదావరి గట్టు
అలాగైతే నాకెందుకు రాలేదు?

కీళ్ల వైద్యురాలు
మొత్తం తాగడమే తగ్గించి ఉండవచ్చు. లేదా వచ్చే సమయం కాలేదేమో. గౌట్ ఒకసారి వచ్చాక ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండటం మామూలే. పరీక్ష చేయించకుండా నేనేమీ చెప్పలేను.

మటన్ సంగతికి వస్తాను. మాంసమంతా ఒకటి కాదు. లివర్, కిడ్నీలు, మెదడు లాంటి అవయవాల్లో ప్యూరిన్లు బాగా ఎక్కువ, కండ మాంసంలో అంతకంటే తక్కువ. మాంసం ఉడికేటప్పుడు ప్యూరిన్లలో చాలా భాగం నీళ్లలోకి దిగుతుంది. అందుకే ముక్క తక్కువ తిన్నానని సంతృప్తిపడి పులుసంతా జుర్రుకుంటే లాభం లేదు. మద్యం, మాంసం, చాలీచాలని నీళ్లు ఒకే రాత్రి కలవడమే మీ బొటనవేలిని దెబ్బతీసింది.

ఇంకొక మాట. ఆ 6.4ను నమ్మకండి. నొప్పి జోరుగా ఉన్న రోజుల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ తగ్గి కనిపించడం తరచూ జరుగుతుంది. నొప్పి పూర్తిగా తగ్గాక రెండు వారాలు ఆగి మళ్లీ చేయించండి.

వరిచేను
మా నాన్నగారు మాంసం ముట్టరు, జీవితంలో మందు తాగలేదు. అయినా 68వ ఏట గౌట్ వచ్చింది. ఊళ్లో అందరూ చెప్పారని కందిపప్పు, పాలకూర, టమాటా కూడా మాన్పించాం. పాపం, ఆయన మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నారు. ఇంకేం మానాలో చెప్పండి.

కీళ్ల వైద్యురాలు
ఇంకేమీ మాన్పించకండి, పప్పు తిరిగి పెట్టండి. గట్టు గారు చెప్పిన ఆ 47 వేల మందిలోనే, ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయలు తిన్నందువల్ల గౌట్ పెరగలేదు. పాల పదార్థాలు తీసుకున్నవాళ్లకు తగ్గింది కూడా, కాబట్టి మజ్జిగ మంచిదే. నాన్నగారికి బీపీ ఉందా? ఏ మాత్ర వేసుకుంటున్నారు?

వరిచేను
ఉంది. మాత్ర అట్ట మీద హైడ్రోక్లోరోథయజైడ్ అని ఉంది. రోజూ సగం ముక్క ఆస్పిరిన్ కూడా వేసుకుంటారు.

కీళ్ల వైద్యురాలు
ఆ రెండూ యూరిక్ యాసిడ్‌ను పెంచేవే. మీ అంతట మీరు ఆపకండి, ముఖ్యంగా గుండె కోసం ఇచ్చిన ఆస్పిరిన్‌ను. బీపీ మాత్ర మార్చవచ్చేమో రాసిచ్చిన డాక్టరును అడగండి. కిడ్నీల పరీక్ష కూడా చేయించండి.

మామిడితోట
ఇక్కడ అందరూ చివరికి మాత్రల దగ్గరికే వస్తారని నాకు తెలుసు. నాకు యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన మూడో వారంలోనే ఎప్పుడూ లేనంత నొప్పి వచ్చింది. పారేశాను. అప్పటి నుంచి మాంసం, మద్యం పూర్తిగా మానేశాను. రెండేళ్లలో ఒక్కసారే వచ్చింది. నోరు కట్టుకోలేనివాళ్లకే జీవితాంతం మాత్రలు.

కీళ్ల వైద్యురాలు
మీరు మానుకున్న తీరును మెచ్చుకుంటాను. కానీ నోరు కట్టుకోలేకపోవడమే కారణమన్న మాటను మాత్రం ఒప్పుకోను. ఆ మాటతోనే రోగులు సిగ్గుపడి ఆస్పత్రికి రావడం మానేస్తున్నారు. ఎక్కువ మందిలో అసలు లోపం కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను సరిగా పంపకపోవడం, అది చాలావరకు పుట్టుకతో వచ్చేది. ఎంత పథ్యం చేసినా సాధారణంగా ఒక మిల్లీగ్రాముకు మించి తగ్గదు. తొమ్మిది దగ్గర ఉన్నవాడు ఎనిమిదికి వస్తాడు. కీళ్లలో పేరుకుని నొప్పి పుట్టించే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కరగాలంటే ఆరు లోపుకు రావాలి.

మూడో వారపు నొప్పికి కారణం ఉంది. యూరిక్ యాసిడ్ ఒక్కసారిగా తగ్గితే కీలులో పేరుకున్న స్ఫటికాలు కదిలి నొప్పి పుడుతుంది. అందుకే రోజుకు 100 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం, మొదటి మూడు నుంచి ఆరు నెలలు ఆ నొప్పి రాకుండా తక్కువ మోతాదు కోల్చిసిన్ తోడుగా ఇస్తాం. మీకు అది ఇచ్చారా? అయితే మందు మొదలయ్యాక ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మామిడితోట
కోల్చిసిన్ ఎవరూ ఇవ్వలేదు, మోతాదు మొదటి రోజే 300. అది తప్పేనేమో. అయినా రెండేళ్లకు ఒక్క నొప్పి కోసం రోజూ మాత్ర వేసుకోవాలంటే నాకు మనసొప్పదు.

కీళ్ల వైద్యురాలు
అంత అరుదుగా వస్తుంటే, కిడ్నీలు బాగుండి, చర్మం కింద గడ్డలేవీ లేకపోతే ఆగి చూస్తామనే వైద్యులూ ఉన్నారు. యూరిక్ యాసిడ్ ఎంతుందో ఏటా చూసుకోండి.

సముద్రతీరం
నొప్పి పోయాక రెండు వారాలు ఆగి ఈ రోజు ఉదయం మళ్లీ రక్తం ఇచ్చాను. 8.9 వచ్చింది. ఫలితం బావకు పంపించాను, ఇంకా ఏమీ అనలేదు. గురువారం డాక్టరును కలుస్తున్నాను, కోల్చిసిన్ సంగతి నేనే అడుగుతాను. వచ్చే నెల ఇంకో పెళ్లి ఉంది. ఆ రాత్రి ఒక్క లార్జుతో ఆగితే ఫరవాలేదా, లేక అసలు ముట్టకూడదా?

కీళ్ల వైద్యురాలు
8.9తో, మాత్ర మొదలుపెట్టిన కొత్తలో, నేనైతే ఆ ఒక్కటి కూడా వద్దంటాను. ఆరు లోపుకు వచ్చి ఆరు నెలలు నిలకడగా ఉన్నాక మళ్లీ అడగండి.

గోదావరి గట్టు
నేనూ రేపు పరీక్షకు వెళుతున్నాను. కల్లు సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోలేకపోతున్నాను.