నవ్వింది అల్లుడా, బిడ్డా? ఎక్కడ ఆగి చదవాలి?

నల్లగొండ నుంచి:
ఆదివారం మా అక్క పెండ్లి. నాయన రెండు మాటలు చెప్తానని కాగితం రాసుకున్నడు, ఇప్పుడు గొంతు పోయింది. ఆయన మాటగా నేను చదవాలి. అంతా కొట్టివేతలే. ఆగాల్సిన చోట గీత పెట్టుకుంట సాఫుగా రాస్తున్న. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయిన:

"ఆ రోజు బస్టాండ్‌లో అతను బస్సు దిగిన మా బిడ్డను చూసిండు."

"అతను" కొట్టేసి పైన "అల్లుడుగారు" రాసిండు. దాని పక్కన హంసపాదు పెట్టి "నవ్వుతూ" అని ఇరికించిండు. ఎక్కడ ఆగాలి?

మహబూబ్‌నగర్ నుంచి:
సులువే తల్లీ. క్రియ వచ్చిన ప్రతిచోటా ఆగు. "నవ్వుతూ" దగ్గర ఒకసారి, "దిగిన" దగ్గర ఒకసారి.

వనపర్తి నుంచి:
పద్యంలో యతి ఉన్న చోట ఆగుతారు కదా, ఇక్కడ యతి ఎక్కడొస్తుంది?

దేవరకొండ నుంచి:
యతి సంగతి వేరు అన్నా. సంస్కృతంలో యతి అంటే విరామమే గానీ, తెలుగు పద్యంలో అది అక్షరాల మైత్రి. వచనానికి పనికిరాదు.

మహబూబ్‌నగర్ సారు మాట సగం నిజం. "వచ్చి", "చూసి" లాంటి వాటి తర్వాత ఆగొచ్చు. "దిగిన" తర్వాత మాత్రం ఆగొద్దు, అది "బిడ్డను" అనే మాటకు అతుక్కొని ఉంటది. "దిగిన" అని ఊపిరి తీసుకుంటే, దిగింది ఎవరో వినేవాళ్లకు తెగిపోతది.

అసలు చిక్కు హంసపాదుతో వచ్చింది. "అల్లుడుగారు నవ్వుతూ" అని ఆగితే నవ్వింది అల్లుడు. "అల్లుడుగారు" అని ఆగి, "నవ్వుతూ బస్సు దిగిన మా బిడ్డను" అని ఒక్క ఊపిరిలో చదివితే నవ్వింది బిడ్డ. గీత ఒక్కదాని మీద ఆధారపడకు, మైకు ముందు టెన్షన్‌లో అది కనబడదు. నాయనను అడిగి, మాటనే జరుపు.

ఇంకొకటి. "అతను" పోయి "అల్లుడుగారు" వచ్చినంక "చూసిండు" ఉండొద్దు. పైన దిద్దినోళ్లు వాక్యం చివర మర్చిపోతరు.

మిర్యాలగూడ నుంచి:
మా తమ్ముని పెండ్లిల నేను చదివిన కాగితంల వాక్యం సగంల పేజీ అయిపోయింది. తిప్పేలోపు అందరూ చప్పట్లు కొట్టిన్రు. వాక్యం తెగకుండ పేజీ ముగించు చెల్లె.

నల్లగొండ నుంచి:
అడిగిన. నవ్వింది అల్లుడుగారేనట. ఇట్ల రాసిన, ఒక ఊపిరికి ఒక వరుస. ఒక గీతకు కొంచెం, రెండు గీతలకు ఎక్కువ ఆగాలి:

ఆ రోజు బస్టాండ్‌లో /
బస్సు దిగిన మా బిడ్డను /
అల్లుడుగారు నవ్వుతూ చూసిన్రు. //

"నవ్వుతూ" అని రాసిండు గానీ, నాయన నోట ఎప్పుడూ "నవ్వుకుంట" అనే వస్తది. ఏది ఉంచాలి?

మహబూబ్‌నగర్ నుంచి:
రాసిందే చదువు. దిద్దుడు ఆయన హక్కు.

దేవరకొండ నుంచి:
నాకైతే "నవ్వుకుంట" బాగుంటది. వినేవాళ్లకు ఆయన గొంతు వినబడాలె. అయినా కాగితం ఆయన ముందర పెట్టి ఒకసారి చదివి చూడు, తల ఎక్కడ ఊపుతడో తెలుస్తది.