అప్‌డేట్: ప్రమోషన్ వచ్చిన మేడమ్‌కి చివరికి ఏం రాశానంటే

నా పాత ప్రశ్న: "మా టీమ్‌లో ఒకావిడ టీమ్ లీడ్ అయ్యారు. గ్రూప్‌లో అందరూ 'కంగ్రాట్స్' పెట్టేశారు. నాకు మనసులో మాట చెప్పాలనుంది, ఎలా రాయను?"

నిన్న పంపేశాను. మొదట "మీ కష్టానికి తగ్గ ఫలితం" అని రాశా. ఆవిడ పేరు తీసి ఇంకెవరి పేరు పెట్టినా ఆ వాక్యం సరిపోతుందనిపించి చెరిపేశా. ఒక్క సంఘటనే తీసుకుని ఇలా రాశా:

"మేడమ్, నేను చేరిన రెండో వారంలో క్లయింట్‌కి తప్పు ఫైల్ పంపేశాను. మీరు ముందు వాళ్లకి ఫోన్ చేసి సర్దిచెప్పారు. తర్వాత నా పక్కన కూర్చుని, పంపేముందు ఏమేం చూసుకోవాలో చూపించారు. ఇప్పటికీ ప్రతి ఫైలూ అలాగే చూసి పంపుతున్నా. మీరు లీడ్ అయ్యారని వినగానే అదే గుర్తొచ్చింది. చాలా సంతోషంగా ఉంది."

చివర్లో "ఇక మమ్మల్ని మీరే చూసుకోవాలి" అని కూడా రాసి, తీసేశా. అది ఉంటే అభినందన కాస్తా అర్జీ అయిపోయేది. క్లయింట్ విషయం అందరి ముందూ ఎందుకని విడిగానే పంపాను.

"నేనే మర్చిపోయాను, నీకింకా గుర్తుందా!" అని జవాబిచ్చారు. సాయంత్రం నా సీటు దగ్గరికి వచ్చి మరీ మాట్లాడారు.