రీఛార్జ్ అయినా పెయిడ్ ఛానళ్లు రావట్లేదు, రిఫ్రెష్ ఎలా చేయాలి?

హైదరాబాద్, కూకట్‌పల్లిలో ఉంటున్నాం. నెలన్నర ఊళ్లో ఉండి వచ్చాక డీటీహెచ్ రీఛార్జ్ చేశాను. యాప్‌లో అకౌంట్ యాక్టివ్ అనే ఉంది, టీవీలో మాత్రం సబ్‌స్క్రిప్షన్ ముగిసిందని వస్తోంది. ఉచిత ఛానళ్లు బాగానే వస్తున్నాయి కాబట్టి డిష్ సిగ్నల్ తప్పు కాదనుకుంటున్నా. సెట్‌టాప్ బాక్స్‌లోని కార్డు తీసి, పొడి గుడ్డతో తుడిచి పెట్టాను. దాని నంబరు, అకౌంట్‌లోని నంబరు ఒకటే.

రీఛార్జ్ చేసినప్పుడు బాక్స్ ఆఫ్‌లో ఉంది. అనుమతి సందేశం శాటిలైట్ నుంచే వస్తుంది కదా, అది అందలేదేమో. యాప్‌లో రిఫ్రెష్ నొక్కి, పది నిమిషాలకే విసుగొచ్చి బాక్స్ కట్టేశాను. మళ్లీ రిఫ్రెష్ పంపి పెయిడ్ ఛానల్‌లోనే ఎంతసేపు ఉంచాలి? స్టాండ్‌బైలో ఉంటే సందేశం అందుతుందా? అమ్మకు సాయంత్రం సీరియళ్లే కాలక్షేపం. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.